సూర్యుడి ఉపరితలం, అంతరిక్షపు చలి, మధ్యలో కెల్విన్ లెక్క

అందరికీ నమస్కారం. బయట ఉక్కపోత ఎలా ఉందో విశాఖ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇంత ఉక్కలోనూ ఉష్ణోగ్రతల మీద ఉపన్యాసం వినడానికి వచ్చారంటే మీ ఓపికకి దండం పెట్టాలి.

ఏటా చలికాలంలో పేపర్లో ఒక వార్త వస్తుంది, లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరపడిందని. వెంటనే మన కుర్రాళ్ళు బైకులేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కేస్తారు. ఆ సున్నా ఎక్కడిది? నీరు గడ్డకట్టే చోట మనం పెట్టుకున్న గుర్తు, అంతే. 1742లో ఆండర్స్ సెల్సియస్ అనే స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త మొదట దీన్ని తలకిందులుగా పెట్టాడు. నీరు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100. తర్వాత వాళ్ళు తిరగేశారు. తిరగేసినా ఎవరికీ ఏ నష్టమూ రాలేదంటే, ఆ సున్నాకి ప్రకృతిలో పెద్ద పునాది లేదన్నమాట.

కైలాసగిరి మీద నిలబడి, అదే సున్నా అనుకుని ఊళ్ళోని ఎత్తులన్నీ కొలిచామనుకోండి. ఏది దేనికన్నా ఎంత ఎత్తో చెప్పొచ్చు, తేడాలు సరిగ్గానే వస్తాయి. కానీ 'దీనికి రెండింతలు అది' అనే మాట అర్థం లేనిదైపోతుంది. బీచ్ రోడ్డు ఎత్తు మైనస్‌లో వస్తుంది. సెల్సియస్‌తో ఇబ్బంది సరిగ్గా ఇదే. నిన్న 15 డిగ్రీలు, ఇవాళ 30 అంటే వేడి రెట్టింపు కాలేదు. అసలు సున్నా నుంచి లెక్కేస్తే 288 నుంచి 303కి పెరిగింది, అంటే అయిదు శాతం.

ఆ అసలు సున్నా సెల్సియస్ సున్నాకి 273.15 డిగ్రీల కింద ఉంది. ఒక వస్తువు నుంచి ఇంక తీసుకోవడానికి వేడి అంటూ మిగలని హద్దు అది. దాని కింద మరో మెట్టు లేదు. 1848లో విలియమ్ థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఏ పదార్థం స్వభావం మీదా ఆధారపడని కొలమానం కావాలని వాదించాడు. ఆ దారిలో వచ్చిందే కెల్విన్ కొలమానం. మెట్టు సైజు సెల్సియస్‌దే, మొదలుపెట్టే చోటే వేరు. అన్నట్టు, 'డిగ్రీ కెల్విన్' అనకండి. 1967 నుంచి ఉత్త కెల్విన్ అనే అంటున్నారు.

ఇంత మాత్రం దానికి ఇంత గొడవ దేనికి, చివర్లో 273 కలుపుకుంటే పోలే అని మీకు అనిపించొచ్చు. ఎక్కడ పోతుందో, ఎక్కడ పోదో చూద్దాం.

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కాంతి రూపంలో శక్తిని వెదజల్లుతుంది. ఎంత వెదజల్లుతుందో జోసెఫ్ స్టెఫాన్ 1879లో కనిపెట్టాడు. ఉష్ణోగ్రతని దానితో అదే నాలుగుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్యకి అనుపాతంలో ఉంటుంది. నాలుగో ఘాతం అంటారు. ఉష్ణోగ్రత రెట్టింపైతే వెలువడే శక్తి పదహారు రెట్లు. ఇది అసలు సున్నా నుంచి కొలిచినప్పుడే నిజం.

సూర్యుడి ఉపరితలం 5,772 కెల్విన్‌లు. సూత్రంలో వేస్తే ఒక్కో చదరపు మీటరు నుంచి సుమారు 6.3 కోట్ల వాట్లు, అంటే 63 మెగావాట్లు వస్తాయి. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. సూర్యుడి మీద 32 చదరపు మీటర్లు, ఓ మాదిరి హాలంత చోటు, అన్ని మెగావాట్లని రాత్రీ పగలూ వెదజల్లుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఎవరో విద్యార్థి కెల్విన్ మర్చిపోయి సెల్సియస్ విలువ, అంటే 5,499, వేశాడనుకుందాం. జవాబు 18 శాతం తక్కువ వస్తుంది. తప్పే, కానీ కొంప మునిగిపోయేంత కాదు. సూర్యుడి నడిమధ్యన ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర కోట్లు. అక్కడ 273 కలిపినా కలపకపోయినా ఒకటే. పేపరు వాళ్ళు 'కోటిన్నర డిగ్రీలు' అని రాసి, ఏ డిగ్రీలో చెప్పకపోయినా నేను కోప్పడను.

అదే విద్యార్థి ఇప్పుడు రెండో చివరికి వచ్చాడు. నక్షత్రాలకి, గెలాక్సీలకి దూరంగా ఉన్న లోతు అంతరిక్షం 2.725 కెల్విన్‌లు. సెల్సియస్‌లో మైనస్ 270.4. సరిగ్గా లెక్కిస్తే చదరపు మీటరుకి వచ్చేది వాటులో పది లక్షల వంతులు మూడు. మన కుర్రాడు మైనస్ 270.4నే నాలుగో ఘాతం చేశాడు. సరి సంఖ్య ఘాతం కదా, మైనస్ గుర్తు మాయమైపోతుంది. కాలిక్యులేటర్ నోరెత్తకుండా 303 వాట్లు అని చూపిస్తుంది. పది కోట్ల రెట్లు ఎక్కువ! జవాబు పాజిటివ్‌గా, పద్ధతిగా కనబడుతుంది కాబట్టి అనుమానం కూడా రాదు. పట్టుకోవాలంటే ఒకటే దారి, ఈ వంద వాట్ల బల్బులు మూడు ఎక్కడ వెలుగుతున్నాయి అంతరిక్షంలో అని అడగాలి. ఆ చీకటికి 303 వాట్లు కుదరవు.

అదే పొరపాటు వేడి చివర 18 శాతం, చలి చివర పది కోట్ల రెట్లు. కెల్విన్ ఖగోళ శాస్త్రవేత్తల చాదస్తం కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి లెక్క దొరకలేదు.

ఇప్పుడు రెండు చివరల మధ్యలో ఉన్న మన భూమి సంగతి. సూర్యుడి ఉష్ణోగ్రత, సైజు, దూరం తెలిస్తే భూమి ఎంత వెచ్చగా ఉండాలో లెక్కకట్టొచ్చు. భూమి అందుకునే శక్తి, తిరిగి వెదజల్లే శక్తి సమానం కావాలి. రెండు వైపులా నాలుగో ఘాతమే ఉంటుంది. కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలేది చిన్న సూత్రం. సూర్యుడి వ్యాసార్ధాన్ని దూరానికి రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీసి, సూర్యుడి ఉష్ణోగ్రతతో గుణించాలి. వ్యాసార్ధం దాదాపు 6 లక్షల 96 వేల కిలోమీటర్లు, దూరం 14 కోట్ల 96 లక్షలు. ఆ భాగహారం 430లో ఒక వంతు. వర్గమూలం 20.7లో ఒక వంతు. 5,772ని 20.7తో భాగిస్తే 278 లేక 279 కెల్విన్‌లు, సుమారు 5 డిగ్రీల సెల్సియస్.

ఇది అన్నీ మింగేసే నల్లటి బంతికి వచ్చే లెక్క. భూమి మీద మేఘాలు, మంచు ఉన్నాయి. పడ్డ కాంతిలో 30 శాతాన్ని అవి వెనక్కి కొట్టేస్తాయి. ఆ మేరకు తగ్గిస్తే 255 కెల్విన్‌లు, అంటే మైనస్ 18. కానీ నేల మీద కొలిచిన సగటు సుమారు 288. ఆ 33 కెల్విన్‌ల తేడా వాతావరణంలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటివి కప్పిన దుప్పటి వల్ల వచ్చింది. అంటే లెక్కకీ కొలతకీ తేడా వచ్చినచోటే విషయం బయటపడింది.

ఈ సూత్రంలో ఒక సుఖం ఉంది. దూరం నాలుగింతలైతే ఉష్ణోగ్రత సగమవుతుంది. కెల్విన్‌లో 278 సగం 139. సెల్సియస్‌లో 5 డిగ్రీల్ని సగం చేస్తే రెండున్నర వస్తుంది, అసలు జవాబేమో మైనస్ 134! నెప్ట్యూన్ మనకన్నా ముప్ఫై రెట్లు దూరం. ముప్ఫై వర్గమూలం అయిదున్నర, కాబట్టి 51 కెల్విన్‌ల దగ్గర ఉండాలి. కొలిస్తే 59 ఉంది. ఆ మిగులు నెప్ట్యూన్ లోపలి నుంచి వచ్చే సొంత వేడి.

అందుకే 'అంతరిక్షంలో చలి' అని ఊరికే అనేయకూడదు. సూర్యుడి వెలుగు తగులుతోందా లేదా అన్నదే ప్రశ్న. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తన ఎండ గొడుగుకి సూర్యుడి వైపు 85 డిగ్రీల సెల్సియస్‌తో కాగుతుంది, అటువైపు 40 కెల్విన్‌ల దగ్గర ఉంటుంది. మధ్యలో అడ్డం అయిదు పలచటి పొరలు.

మరి ఆ 2.725 ఎలా తెలిసింది? అంతరిక్షంలోకి వెళ్ళి ఎవరూ థర్మామీటరు పెట్టలేదు. 1964లో అమెరికాలోని హోమ్‌డెల్‌లో ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ కొమ్ము ఆకారంలో ఉన్న పెద్ద యాంటెన్నాతో పనిచేస్తున్నారు. రేడియో ఇంజినీర్లు రేడియోలో వినబడే గరగరని కూడా కెల్విన్‌లలోనే చెబుతారు. వేడి వల్ల వచ్చే గరగర శక్తి, అసలు సున్నా నుంచి కొలిచిన ఉష్ణోగ్రతకి సరిగ్గా అనుపాతంలో ఉంటుంది కాబట్టి, కెల్విన్‌లని జమాఖర్చు పుస్తకంలో రూపాయల్లా కూడొచ్చు, తీసేయొచ్చు. ద్రవ హీలియంలో ముంచిన ఒక చల్లటి మూలాన్ని పక్కన పెట్టుకుని, యాంటెన్నాని దానితో పోల్చి చూశారు. నడినెత్తికి గురిపెడితే 6.7 కెల్విన్‌లు. అందులో వాతావరణం వాటా 2.3. యాంటెన్నా గోడల నష్టం, నేల నుంచి వెనకగా దూరేది కలిపి 0.9. తీసేస్తే 3.5 మిగిలింది. ఆ మిగులుకి లెక్క చెప్పేవాడు లేడు. యాంటెన్నాలో పావురాలు గూడు కట్టుకుంటే వాటిని తరిమి, రెట్టలు శుభ్రం చేసి మళ్ళీ కొలిచారు. అయినా పోలేదు. ఎటు తిప్పినా అంతే. 1965లో అచ్చయిన ఆ లెక్కకి 1978లో నోబెల్ వచ్చింది. విశ్వం మొదట్లో వేడిగా ఉన్నప్పటి వెలుగు చల్లారి మిగిలిందే ఆ గరగర. కోబే ఉపగ్రహం దాన్ని తర్వాత 2.725గా ఖరారు చేసింది. ఇదే లెక్క సెల్సియస్‌లో రాసి చూడండి. మైనస్ 266.45లో నుంచి మైనస్ 270.85 తీసేస్తే 4.4, అక్కడిదాకా బాగానే ఉంది. అందులోంచి 0.9కి బదులు మైనస్ 272.25 తీసేస్తే 276.65 వస్తుంది, తలనొప్పితో సహా.

ఇంకొక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. విశ్వం సాగుతున్న కొద్దీ ఆ వెలుగు తరంగాలూ సాగుతాయి. విశ్వం రెండింతలు సాగితే కెల్విన్‌లు సగమవుతాయి. ఆ వెలుగు బయల్దేరినప్పటి నుంచి విశ్వం దాదాపు 1,090 రెట్లు సాగింది. వెనక్కి గుణిస్తే సుమారు 3,000 కెల్విన్‌లు. సూర్యుడి ఉపరితలంలో సగానికి కాస్త ఎక్కువ. అంటే ఇవాళ అతి చల్లగా ఉన్న ఆ శూన్యం ఒకప్పుడు ఆకాశమంతా కొలిమిలా వెలిగింది. ఇది ఊహ అనుకోకుండా మధ్యదారిలో ఎక్కడైనా సరిచూడాలి కదా. పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థలో పనిచేసే రఘునాథన్ శ్రీఆనంద్, ఆయన సహచరులు 2008లో ఆ పని చేశారు. చాలా దూరంలో ఉన్న ఒక వాయు మేఘంలో కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఎంత శక్తితో తిరుగుతున్నాయో చూశారు. ఆ మేఘం నుంచి మనల్ని చేరుతున్న వెలుగు బయల్దేరేసరికి విశ్వం ఇప్పటికన్నా 3.4 రెట్లు చిన్నది. లెక్క ప్రకారం అక్కడ 9.3 కెల్విన్‌లు ఉండాలి. వాళ్ళకి వచ్చింది 9.15, అటూఇటూ 0.7. ఇప్పుడు ప్రశ్నలు అడగండి.