నిప్పులన్నీ ఒక పక్కకే

అందరికీ నమస్కారం.

ఇక్కడ టెక్సస్‌లో ఎండలు మొదలయ్యాయంటే మన పెరళ్లలోకి గుండ్రటి మూత గ్రిల్లులు వచ్చేస్తాయి. పోయినేడు మా ఇంటికొచ్చిన చుట్టాలకు నేను వడ్డించిన చికెన్ లెగ్‌లు పైన మాడి మసి, లోపల పచ్చి. మసాలా బాగానే కుదిరింది. నిప్పులు అడుగంతా సమానంగా పరచడమే నా తప్పు. సెగ ఎక్కువైతే ముక్కను జరపడానికి చోటే లేదు.

తొడతో కలిసిన లెగ్ మందంగా ఉంటుంది. వేడి ఎముక దాకా చేరడానికి అరగంట పైనే పడుతుంది. నిప్పుల మీద తోలు మాడడానికి ఐదారు నిమిషాలు చాలు, పెరుగు, కారం పట్టించి ఉంటే ఇంకా ముందే. అందుకని బొగ్గులు రగిలి బూడిద పట్టాక, అంటే ఇరవై నిమిషాలకు, అన్నీ ఒక పక్కకే పోయాలి. రెండో పక్క ఒక అల్యూమినియం ట్రేలో కాసిని నీళ్లు పోసి పెడితే కారే కొవ్వు అందులో పడుతుంది. ముక్కలు ఆ ట్రే పైన ఉండాలి.

మూత మీది గాలి రంధ్రం ముక్కల వైపుకు తిప్పండి. అప్పుడు వేడిగాలి నిప్పుల నుంచి ముక్కల మీదుగా బయటికి పోతుంది. దీన్ని బిర్యానీ దమ్ అనుకోకండి. దమ్‌లో ఆవిరి బయటికి పోకూడదు, ఇక్కడ గాలి ఆడాలి. రంధ్రాలు మూసేస్తే నిప్పులు ఆరిపోతాయి. మాటిమాటికీ మూత తీసి చూసినా ఆలస్యమే.

మూత కింద 375 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే లెగ్‌లకు 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. సగంలో నిప్పులకు దగ్గరున్న ముక్కల్ని దూరంగా, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా మార్చండి. లోపల 170 దాటాక తోలు కిందికి పెట్టి నేరుగా నిప్పుల మీద రెండు మూడు నిమిషాలు ఉంచండి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకండి, బూడిద ఎగిరి ముక్కల మీద పడుతుంది. పక్కకు జరిపి మూత వేస్తే చాలు. చికెన్‌కు 165 వస్తే భయం లేదు గానీ, తొడ 180 దాకా వెళ్తేనే మెత్తబడుతుంది.

బోన్‌లెస్ బ్రెస్ట్‌కు వరస తిరగేయండి: ముందు నిప్పుల మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు, తర్వాత 165 వచ్చేదాకా పక్కన. అంగుళం మందం గొర్రె చాప్స్‌కు పక్క సెగతో పనే లేదు, ఒక్కో వైపు నాలుగు నిమిషాలు నిప్పుల మీదే కాల్చి, 145 రాగానే తీసి కాసేపు ఆగండి. మేక భుజం మాత్రం పూర్తిగా పక్క సెగదే. మూడు గంటలైనా పడుతుంది, మధ్యలో రగిలిన బొగ్గులు వేస్తూ ఉండాలి.

ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే పచ్చి అని కంగారు పడతాం. లేత కోళ్లలో మూలుగ రంగు బయటికి ఊరి, ఉడికినా అలాగే కనిపిస్తుంది. అందుకే థర్మామీటర్‌నే నమ్మండి. ముల్లు తొడలో మందంగా ఉన్నచోట గుచ్చండి, ఎముకకు తగలనీయకండి. తగిలితే అంకె తప్పు చూపిస్తుంది.