అమెరికా సంబంధం ఖాయమైతే నాన్న ఇంటి ఈఎంఐ ఎవరు కడతారు?

సమన్వయకర్త: ఒక ఉదాహరణ అనుకుందాం. అమ్మాయికి 26 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 55 వేలు. గుంటూరులో నాన్న రిటైరయ్యారు. ఇంటి లోను ఇంకా 5 లక్షలుంది, నెలకు 12 వేల ఈఎంఐ తనే కడుతోంది. హెచ్-1బీ మీదున్న అబ్బాయి సంబంధం వచ్చింది. ఈమెకు ఉద్యోగం వదలాలని లేదు. "అక్కడా చేసుకోవచ్చులేమ్మా" అంటున్నారు పెద్దలు.

వీసా సలహాదారు: ఆ మాటే తేల్చుకోవాలండీ. భార్యగా వెళ్లేది హెచ్-4 మీద. దాంతో నేరుగా ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి ఒక వెసులుబాటు ఉంది. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉంటే, మామూలుగా ఆమె వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐ-140 కంటే ముందు చాలామందికి ఆ ఉద్యోగానికి తగినవాళ్లు అక్కడ దొరకలేదనే లేబర్ సర్టిఫికేషన్ కంపెనీ తేవాలి. కొత్తగా హెచ్-1బీ వచ్చినవాళ్లకు చాలాసార్లు అదీ మొదలై ఉండదు. "అప్లై చేశారట" అంటే కుదరదు, ఆమోదం నోటీసు ఐ-797 చూపించమనాలి.

సమన్వయకర్త: అంత నిక్కచ్చిగా అడిగితే సంబంధం చెడదా?

కౌన్సెలర్: జీతం ఎంతని అడగడం లేదూ? నన్నడిగితే ఇక్కడ అమ్మాయి ఆశకూ ఇంటి బాధ్యతకూ పోటీయే లేదు. పెళ్లి చేసుకోవడం బాధ్యతే అంటారు, ఈఎంఐ కట్టడమూ బాధ్యతే. తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పైనే పడుతుంది. ఆమె ఉద్యోగం మానితే రెండోది ఆగిపోతుంది. కూతురి సొమ్ము తింటున్నారంటారని నాన్న ఈ సంగతి పెళ్లిచూపుల్లో ఎత్తరు. పెళ్లయ్యాక మొదటి ఈఎంఐ బౌన్సయినప్పుడు అల్లుడికి తెలుస్తుంది, "ముందే ఎందుకు చెప్పలేదు" అని గొడవ అక్కడ మొదలవుతుంది.

న్యాయవాది: పెళ్లయితే కూతురికి సంబంధం తెగిందనేది చట్టం ఒప్పుకోదు. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల భారం, స్తోమత ఉంటే, పెళ్లయిన కూతురి మీదా ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఆ "స్తోమత" దగ్గరే చిక్కు. హెచ్-4 మీద సంపాదన లేని కూతుర్ని ఏమని అడుగుతారు?

కౌన్సెలర్: అందుకే నిశ్చితార్థానికి ముందే, మధ్యవర్తి లేకుండా, అబ్బాయితో తనే చెప్పాలి: నెలకు 12 వేలు, ఇంకో నాలుగేళ్లు. "చూద్దాంలే" అంటే కాదన్నట్టే లెక్క.

న్యాయవాది: అంత తొందరెందుకండీ, పక్కన వాళ్లమ్మానాన్నలు ఉండి ఉండొచ్చు. వారం టైమివ్వండి. ఈలోపు పెళ్లి ఖర్చుకు దాచిన డబ్బెంతో నాన్నను అడగాలి. 10 లక్షలుంటే, అందులో సగంతో లోను మూసేయొచ్చు. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనుకు ముందే కట్టేస్తే పెనాల్టీ ఉండదు.

సమన్వయకర్త: నాన్న ఒప్పుకుంటారా?

కౌన్సెలర్: చాలామంది వెనకాడతారు, పెళ్లి ఘనంగా చేయలేదంటారని. అమ్మ చెబితే వింటారు. ముందు ఆమెతో మాట్లాడాలి.