మూడేళ్ల యంత్రమా, ఆరేళ్ల యంత్రమా? చేతిలో డబ్బుకు హద్దు ఉన్నప్పుడు ఎంపిక

అందరికీ నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని దాన్ని చివరిదాకా లాగుదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది. అంకెలు తక్కువే, కానీ ప్రతి అంకె మీద కాసేపు ఆగాల్సి ఉంటుంది.

ఒక ఫ్యాక్టరీకి కొత్త యంత్రం కావాలి. రెండు రకాలు దొరుకుతున్నాయి. చిన్నదాని ధర 100 లక్షలు, మూడేళ్లు పనిచేస్తుంది, ఏడాదికి 52 లక్షల నికర నగదు తెస్తుంది. పెద్దదాని ధర 180 లక్షలు, ఆరేళ్లు పనిచేస్తుంది, ఏడాదికి 51 లక్షలు తెస్తుంది. రెండూ చేసేది ఒకే పని కాబట్టి ఒకటి కొంటే రెండోది అక్కర్లేదు. ముందు ముందు వచ్చే డబ్బును ఈరోజు విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు ఏడాదికి 10 శాతం.

ముందుగా అందరూ చేసే లెక్కే చేద్దాం. ఏడాది తర్వాత వచ్చే ఒక రూపాయి ఈరోజు 0.909కి సమానం, రెండేళ్ల తర్వాతిది 0.826, మూడేళ్ల తర్వాతిది 0.751. ఈ మూడూ కలిపితే దాదాపు 2.487. దీన్నే మూడేళ్ల యాన్యుటీ ఫ్యాక్టర్ అంటాం. 52ని దీంతో గుణిస్తే 129.3 వస్తుంది, ధర 100 తీసేస్తే ఎన్‌పీవీ, అంటే ఈరోజు విలువలో మిగిలే నికర లాభం, 29.3 లక్షలు. ఆరేళ్లకు ఫ్యాక్టర్ 4.355. 51ని దాంతో గుణిస్తే 222.1, అందులో 180 పోతే ఎన్‌పీవీ 42.1 లక్షలు.

42.1 పెద్దది కాబట్టి పెద్ద యంత్రమే కొనాలని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ పోలికలో ఒక లోపం ఉంది. పెద్ద యంత్రానికి ఆరేళ్లు ఇచ్చాం, చిన్నదానికి మూడేళ్లే ఇచ్చాం. నాలుగో ఏడాది నుంచి ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? తలుపులు మూసుకుని కూర్చోదు కదా. పని కొనసాగుతుంటే ఇంకో చిన్న యంత్రం కొంటుంది. ఆ రెండో యంత్రం తెచ్చే లాభాన్ని మనం సున్నా అనుకున్నాం.

దాన్ని కూడా లెక్కలోకి తెద్దాం. మూడేళ్ల తర్వాత ఇదే ధరకు, ఇదే రాబడితో ఇంకో చిన్న యంత్రం కొంటే, ఆ రోజున దాని ఎన్‌పీవీ మళ్లీ 29.3. ఈరోజు విలువకు తెస్తే 1.1 × 1.1 × 1.1, అంటే 1.331తో భాగించాలి కాబట్టి 22.0. మొత్తం 51.3. ఇప్పుడు ఆరేళ్లకు ఆరేళ్లు పోల్చాం, చిన్న యంత్రం గెలిచింది.

ఇలా రెండింటి ఆయుష్షునూ ఒకే గడువుకు తెచ్చి పోల్చడం 3, 6 లాంటి అంకెలకు సులువే. ఒకటి 5 ఏళ్లు, ఇంకొకటి 7 ఏళ్లయితే 35 ఏళ్లదాకా గొలుసు కట్టాలి. ఆ శ్రమ తగ్గించడానికే సమాన వార్షిక మొత్తం అనే లెక్క ఉంది. ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలతో ఈఏఏ అంటారు. ప్రాజెక్టు మొత్తం ఎన్‌పీవీని దాని ఆయుష్షు మీద ఏటా ఒకే మొత్తంగా పరిస్తే ఏడాదికి ఎంత పడుతుందో అది చెబుతుంది. 29.3ని మూడుతో భాగించకూడదు, ఎందుకంటే ఏడాది ఏడాదికీ డబ్బు విలువ మారుతుంది. యాన్యుటీ ఫ్యాక్టర్‌తో భాగించాలి. చిన్నదానికి 29.3 ÷ 2.487, అంటే ఏడాదికి 11.8 లక్షలు. పెద్దదానికి 42.1 ÷ 4.355, అంటే 9.7 లక్షలు. ఎక్సెల్‌లో అయితే ఇంతే:

```
=PMT(10%,3,-29.3)
=PMT(10%,6,-42.1)
```

మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోతే జవాబు రుణ సంఖ్యగా వస్తుంది, కంగారు పడకండి.

ఈఏఏ చెప్పే జవాబు ఒక షరతు మీద నిలబడి ఉంది. చిన్న యంత్రం అయిపోగానే అలాంటిదే మళ్లీ కొంటాం, అదే ధరకు కొంటాం, అదే రాబడి వస్తుంది అన్నది ఆ షరతు. ఇది ఎంత గట్టిదో చూడకుండా 11.8ని నమ్మకూడదు. నేనైతే ఎప్పుడూ ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: మూడేళ్ల తర్వాత ధర ఎంత పెరిగితే చిన్న యంత్రం ఓడిపోతుంది?

పెద్దదానితో సమానం కావాలంటే రెండో చిన్న యంత్రం ఈరోజు విలువలో 42.1 − 29.3, అంటే 12.8 తేవాలి. మూడేళ్ల తర్వాతి విలువలో అది 17.0. ఇప్పుడు ఆ యంత్రం ఎన్‌పీవీ 29.3 కాబట్టి 12.3 లక్షల సందు ఉంది. అంటే ధర 100 నుంచి 112.3కి చేరేదాకా చిన్నదే మేలు. ఏడాదికి సుమారు 4 శాతం పెరిగితే చాలు, ఆ సందు పూడిపోతుంది. రాబడి మాత్రం 52 దగ్గరే ఉంటుందనుకుని చెప్పిన మాట ఇది. ధరలతో పాటు రాబడి కూడా పెరిగే వ్యాపారమైతే కథ వేరు. అందుకే ద్రవ్యోల్బణం గట్టిగా ఉన్నచోట, ద్రవ్యోల్బణం తీసేసిన రాబడులను, ద్రవ్యోల్బణం తీసేసిన రేటుతోనే లెక్కించాలి. లేకపోతే ఏటా సమానంగా వచ్చే మొత్తం అన్న మాటకే అర్థం పోతుంది.

ఇక పెట్టుబడి పరిమితి దగ్గరికి వద్దాం. క్యాపిటల్ రేషనింగ్ అనేది దీన్నే. లాభం తెచ్చే ప్రాజెక్టులు చాలా ఉన్నాయి, పెట్టడానికి డబ్బు అంత లేదు. మన ఫ్యాక్టరీకి ఈ ఏడాది 300 లక్షలే ఉన్నాయనుకుందాం. యంత్రంతో పాటు ఇంకో మూడు పనులు వరుసలో ఉన్నాయి. గోదాము విస్తరణకు 200 లక్షలు, ఎన్‌పీవీ 50, పదేళ్ల పని. ప్యాకింగ్ లైన్‌కు 120 లక్షలు, ఎన్‌పీవీ 31, నాలుగేళ్లది. సాఫ్ట్‌వేర్‌కు 80 లక్షలు, ఎన్‌పీవీ 15, రెండేళ్లది. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డు కావు, ఒక్కసారి చేసే పనులు, ఏదీ సగం చేయడానికి కుదరదు.

ఇక్కడ జరిగే పొరపాటు నేను కళ్లారా చూశాను. ఒక పెట్టుబడి సమావేశంలో, యంత్రాల పోలికలో ఈఏఏ బాగా పనిచేసింది కదా అని, అన్ని ప్రాజెక్టులకూ అదే లెక్కించి పెద్దదాని నుంచి చిన్నదానికి వరుస పేర్చారు. షీటు చూడటానికి చక్కగా ఉంది. మన ఉదాహరణలో అలా చేస్తే చిన్న యంత్రం 11.8, ప్యాకింగ్ లైన్ 9.8, సాఫ్ట్‌వేర్ 8.6, చివరగా గోదాము 8.1. పైనుంచి తీసుకుంటే మొదటి మూడూ సరిగ్గా 300కి సరిపోతాయి. మొత్తం ఎన్‌పీవీ 51.3 + 31 + 15, అంటే 97.3.

గోదాము అడుగుకు ఎందుకు పోయింది? దాని 50 లక్షలు పదేళ్ల మీద పరుచుకున్నాయి కాబట్టి. సాఫ్ట్‌వేర్ 15 రెండేళ్ల మీదే పరుచుకుంది కాబట్టి ఏడాది అంకె పెద్దగా కనబడుతోంది. కానీ సాఫ్ట్‌వేర్ రెండేళ్ల తర్వాత మళ్లీ కొనేది కాదు. పునరావృతం లేనిచోట ఏడాది లెక్కకు అర్థం లేదు. దాని విలువ 15, అంతే. ఈఏఏ పని యంత్రాల మధ్య ఎంపికతోనే అయిపోయింది. అక్కడి నుంచి ముందుకు తీసుకెళ్లాల్సింది 51.3 అన్న మొత్తాన్నే.

సరే, రూపాయి పెట్టుబడికి ఎంత ఎన్‌పీవీ వస్తుందో చూద్దాం అంటారు. ఇది ప్రాఫిటబిలిటీ ఇండెక్స్ ఆలోచన. పరిమితి ఉన్నప్పుడు ఇది ఈఏఏ కంటే చాలా మెరుగైన దారి, ఎందుకంటే కొరతగా ఉన్నది డబ్బు. చిన్న యంత్రానికి 0.51, ప్యాకింగ్ లైన్‌కు 0.26, గోదాముకు 0.25, సాఫ్ట్‌వేర్‌కు 0.19. పైనుంచి యంత్రం, ప్యాకింగ్ లైన్ తీసుకున్నాక 80 మిగులుతుంది. గోదాము పట్టదు, సాఫ్ట్‌వేర్ పడుతుంది. మళ్లీ అదే 97.3.

ఇప్పుడు వరుసలు పక్కన పెట్టి, 300లో పట్టే జట్లను ఒక్కొక్కటిగా రాసి చూడండి. చిన్న యంత్రం, గోదాము కలిపితే సరిగ్గా 300. ఎన్‌పీవీ 101.3. పెద్ద యంత్రం, ప్యాకింగ్ లైన్ కలిపినా 300, కానీ 73.1 మాత్రమే. మిగతా జట్లేవీ 101.3ని అందుకోవు. 101.3 గెలిచింది. ప్రాజెక్టులు ముక్కలు చేయడానికి కుదిరితే ఇండెక్స్ వరుసే సరైన జవాబిస్తుంది. ముక్కలు కాకపోతే చివర మిగిలే 80 లాంటి ఖాళీని ఏదో ఒకదానితో నింపాల్సి వస్తుంది, అక్కడే అది దారి తప్పుతుంది. ఐదారు ప్రాజెక్టులైతే చేత్తో రాయొచ్చు, ఇరవై దాటితే ఎక్సెల్ సాల్వర్‌కు అప్పగించాలి. పరిమితి ఒక్క ఏడాదికే కాకుండా వరుసగా కొన్నేళ్లు ఉంటే ఏం చేయాలన్న సమస్యను 1955లో జేమ్స్ లోరీ, లియొనార్డ్ సావేజ్ ముందుకు తెచ్చారు. ఇండెక్స్ ఒక్కటే అక్కడ చాలదు.

మన లెక్కలోనూ ఆ చిక్కు దాగి ఉంది. 51.3 అన్నప్పుడు, మూడేళ్ల తర్వాత రెండో యంత్రానికి 100 లక్షలు దొరుకుతాయని ఒప్పుకున్నాం. ఆ ఏడాది కూడా డబ్బు బిగువుగా ఉంటే? రెండోది కొనలేమని గట్టిగా తెలిస్తే చిన్న యంత్రం విలువ 29.3కి పడిపోతుంది. పరిమితే లేకపోతే అప్పుడు 42.1 ఉన్న పెద్దదాన్నే కొనాలి. 300 పరిమితి ఉంటే మాత్రం చిన్న యంత్రం, గోదాము జట్టు 79.3 తెస్తుంది, పెద్ద యంత్రం, ప్యాకింగ్ లైన్ జట్టు 73.1 తెస్తుంది. చిన్నదే మళ్లీ 6.2 లక్షల తేడాతో గెలిచింది. ఈసారి గెలిపించింది దాని ఈఏఏ కాదు. అది తక్కువ డబ్బు తీసుకుని గోదాముకు చోటు వదిలింది, అందుకే గెలిచింది. నాకు ఈ ఉదాహరణ ఇష్టం, ఎందుకంటే పైకి జవాబు ఒకటే అయినా కారణం పూర్తిగా మారిపోయింది. కారణం తెలియకపోతే వచ్చే ఏడాది పరిమితి 380 అయినప్పుడు జవాబు ఎలా మారుతుందో చెప్పలేం.

చివరగా, ఈ 300 ఎవరు పెట్టారో అడగండి. అప్పు ఇచ్చేవాళ్లే ఇక ఇవ్వమన్నారంటే చేసేదేమీ లేదు. కానీ చాలాచోట్ల ఈ గీత సంస్థ లోపలే గీసి ఉంటుంది. మొదటి లెక్కకే తిరిగి వస్తే, పరిమితిని 420కి పెంచితే చిన్న యంత్రం, గోదాముతో పాటు ప్యాకింగ్ లైన్ కూడా పడుతుంది, మొత్తం 101.3 నుంచి 132.3కి పెరుగుతుంది. 120 లక్షలు అదనంగా పెడితే 31 లక్షలు. నాలుగేళ్లూ సమానంగా రాబడి వస్తే ఆ లైన్ ఇచ్చే రాబడి రేటు 21 శాతం పైనే. ఎవరైనా 15 శాతానికి అప్పు ఇస్తామంటే, ఆ 300 గీతను అలాగే ఉంచడానికి కారణం ఏమిటో గీసినవాళ్లే చెప్పాలి.