సీల్ ఉంటే సరిపోదు! నూడుల్స్‌కి సబ్బు వాసన పట్టించింది ఎవరు?

"అన్నా, సీల్ అలాగే ఉంది, డేట్ ఇంకా మూడు నెలలుంది. విప్పితే నూడుల్స్ బట్టల సబ్బు వాసన కొడుతున్నాయి. ఇది కంపెనీ కల్తీ కాదా?"

కాదు తమ్ముడూ. నా మాట రాసిపెట్టుకో, తప్పు జరిగింది ఫ్యాక్టరీలో కాదు, షెల్ఫ్ మీద! అందరూ ప్యాకెట్లు చింపి వీడియోలు పెడుతున్నారు, కంపెనీని తిడుతున్నారు. ఆ ప్యాకెట్ పక్కన ఏం పెట్టారో ఒక్కరైనా చూపించారా?

సీల్ దుమ్మును ఆపుతుంది. చెమ్మను చాలావరకు ఆపుతుంది. ఘాటైన వాసనను మాత్రం ఆపదు! మామూలు ప్లాస్టిక్ కవర్‌కి కంటికి కనపడే రంధ్రం అక్కర్లేదు. సెంటు, ఫినాయిల్, దోమల మందు లాంటి వాటి ఆవిరి ఆ ప్లాస్టిక్‌లోకే ఇంకి, మెల్లగా రెండో వైపు బయటపడుతుంది. లోపల ఉన్నదేమిటి? నూనెలో వేయించిన నూడుల్స్. 70 గ్రాముల ప్యాకెట్‌లో సుమారు 10 గ్రాములు నూనే ఉంటుంది. వచ్చిన వాసనను ఆ నూనె పట్టుకుని వదలదు. వారాల తరబడి పక్కపక్కనే ఉంటే ఇంకేం మిగులుతుంది?

ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. 2008లో జపాన్‌లో నిస్సిన్ కప్ నూడుల్స్ తిన్న ఒకావిడకి ఒంట్లో బాగాలేకపోయింది. పరీక్షిస్తే అందులో పారాడైక్లోరోబెంజీన్ దొరికింది. అంటే బట్టల బీరువాలో పురుగు పట్టకుండా పెట్టే మందు! దేశమంతా టెన్షన్. కంపెనీ దాదాపు 5 లక్షల కప్పులు వెనక్కి తెప్పించింది. తీరా ఆరా తీస్తే, అలాంటి మందుల పక్కన దాచినా ఆ ఆవిరి కప్పులోకి దిగుతుందని తేలింది. అందుకే ఘాటు వాసన వచ్చేవాటి పక్కన పెట్టొద్దని కప్పుల మీదే హెచ్చరిక వేశారు.

ఇప్పుడు మన కిరాణా కొట్టుకు రండి. కింద అరలో డిటర్జెంట్, పై అరలో నూడుల్స్, మధ్యలో అగరుబత్తీలు. సరుకు తెచ్చే ఆటోలో కూడా సబ్బుల పెట్టె మీదే నూడుల్స్ పెట్టె! ఇంట్లో మనం చేసేదీ అదే. నెల సరుకులు ఒకే సంచీలో తెచ్చి, రెండు రోజులు అలాగే మూల పడేస్తాం.

పాత నూనె వాసన వస్తే మాత్రం అది వేరే సంగతి. నూనె గాలితో, వెలుతురుతో, వేడితో కలిసి పాడైందన్నమాట. కొట్టు ముందు దండలా వేలాడదీసిన ప్యాకెట్లు గుర్తొచ్చాయా? ఏప్రిల్, మే ఎండలో రోజంతా అవి అక్కడే! కవర్ వెనకాల "చల్లని, పొడి చోట ఉంచండి, ఎండ తగలనివ్వకండి" అని ఉంటుంది. ఆ డేట్ వేసింది ఈ మాట పాటిస్తారని నమ్మి. పారదర్శకంగా ఉండే కవర్లలో వచ్చే లోకల్ మిక్చర్‌కి ఇంకా కష్టం, వెలుతురు నేరుగా తగులుతుంది. ఒకసారి పాడైన నూనె ఎంత మరిగించినా బాగుపడదు. మసాలా వేసి మూసిపెడదామనుకోకండి, పారేయండి.

ప్యాకెట్ ఉబ్బిందని భయపడేవాళ్లకి ఒక్క మాట. చిప్స్ ప్యాకెట్‌లో నైట్రోజన్ నింపుతారు. కొండ ఎక్కితే బయట గాలి ఒత్తిడి తగ్గి అది ఉబ్బుతుంది, ఎండకి కూడా ఉబ్బుతుంది. పొడి సరుకులో అది ప్రమాదం కాదు. కానీ తడి ఉన్నది, అంటే వేడి చేసుకుని తినే కూర ప్యాకెట్, ఉడికించి ప్యాక్ చేసిన తడి నూడుల్స్ ఉబ్బితే లోపల సూక్ష్మజీవులు పెరిగి గ్యాస్ వదులుతున్నాయనుకోవాలి. రుచి కూడా చూడొద్దు!

సరే, కంపెనీ తప్పా, షెల్ఫ్ తప్పా? తేల్చుకోవడం తేలిక. ముందు కవర్ బయటి వైపు వాసన చూడండి. అక్కడా సబ్బు వాసనే ఉంటే పక్కనున్న సరుకు మీద అనుమానం. తర్వాత ప్యాకెట్ మీది బ్యాచ్ నంబర్ చూసి, అదే నంబర్ ప్యాకెట్ ఇంకో కొట్టులో కొనండి. అది బాగుంటే మొదటి కొట్టు దగ్గరో, మీ ఇంట్లోనో తప్పు దొరికిపోయినట్టే. రెండింట్లో ఒకే వాసన వస్తే, అప్పుడు నేనూ మీతో కలిసి కంపెనీని నిలదీస్తాను! విప్పిన ప్యాకెట్‌ని కవర్‌తో సహా గాజు సీసాలో బిగించి దాచండి, బిల్లు పారేయకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి బ్యాచ్ నంబర్ చదివి వినిపించండి. మీ కొట్టులో నూడుల్స్ పక్కన ఏముందో ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, వచ్చే వీడియోలో చూపిస్తాను.