520 అంటే ఎంత?

మిత్రులారా, చైనాలో ఒక కుర్రాడు తన స్నేహితురాలికి ఫోన్‌లో 520 యువాన్లు పంపాడనుకోండి. ఎందుకు పంపాడని ఆ అమ్మాయి అడగదు. ఆ అంకెల్లోనే మాట ఉంది.

చైనీస్‌లో 5ని వు, 2ని అర్, 0ని లింగ్ అంటారు. 'నిన్ను ప్రేమిస్తున్నాను' అంటే వో ఆయ్ నీ. వు అర్ లింగ్, వో ఆయ్ నీ. మొదటిసారి విన్నప్పుడు నాకు ఈ పోలిక నచ్చలేదు, రెండూ ఒకటి కావు కదా అనిపించింది. స్వరాల ఎత్తుపల్లాలు కూడా కలవవు. కానీ అక్కడ ప్రతి అంకె పేరూ ఒకే అక్షరం. మూడు అంకెలు మూడు మాటల చోట కూర్చుంటాయి, మిగతాది చెవి సర్దుకుంటుంది. పైగా దక్షిణ చైనాలో చాలామంది పలుకుబడిలో న, ల కలిసిపోతాయి. మన ఒకటి, రెండు, మూడుతో ఈ ఆట సాగదు. మనం తిట్టుగా వాడే 420 కూడా శబ్దం నుంచి రాలేదు, చట్టంలోని సెక్షన్ నుంచి వచ్చింది.

1990లలో పేజర్ల మీద ఎక్కువగా అంకెలే కనిపించేవి. అలా మొదలైన అలవాటు చాటింగ్‌లోకి వచ్చింది. 88 అంటే బాబా, అంటే బైబై. 555 అంటే వూవూ అని ఏడుపు. అదే 555 థాయ్‌లాండ్‌లో హాహాహా అని నవ్వు, ఎందుకంటే అక్కడ ఐదు అంటే హా. అర్థం ఒకే దేశంలో కూడా నిలకడగా ఉండదు. చైనాలో గేమ్ బాగా ఆడినవాడికి 666 అని రాస్తే శభాష్ అన్నట్టు. ఇప్పుడు కుర్రకారు ఒక్క 6 మాత్రమే పంపితే, 'నీకో దండం, ఇంకేం చెప్పను' అని ఎత్తిపొడుపు కూడా కావచ్చు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఈ అంకెలకు బరువు పెరుగుతుంది. మే 20 చైనాలో ప్రేమికుల రోజైంది. అక్కడి చాటింగ్ యాప్ వీచాట్‌లో డబ్బు కానుకగా పంపే ఒక ఎర్ర కవరులో మామూలుగా 200 యువాన్లకు మించి పెట్టనివ్వరు, ఆ రోజు మాత్రం 520 దాకా పెట్టనిస్తారు. 1314 పంపేవాళ్లూ ఉన్నారు. యీ సాన్ యీ స్ అంటే యీ షంగ్ యీ ష్, జన్మంతా అని.

మరి విడిపోతే? ఒక అబ్బాయి మే 20న 520, పుట్టినరోజుకు 1314, పెళ్లి మాట అనుకున్నాక ఇంటికోసం 20,000 పంపాడనుకుందాం. తర్వాత మొత్తం తిరిగి ఇమ్మని కోర్టుకెళ్లాడు. ఇలాంటి కేసుల్లో జడ్జీలు సాధారణంగా 520నీ, 1314నీ ప్రేమతో ఇచ్చిన కానుకలుగా చూస్తారు, తిరిగి ఇప్పించరు. 20,000 పెళ్లి కోసమే ఇచ్చాడని తేలితే వెనక్కి రావచ్చు. అందుకే డబ్బు అందుకునే కొందరు, పంపేవాళ్ల చేత పక్కన 'ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను' అని రాయించుకుంటున్నారు.