మాస్టారి నోట్‌బుక్కు, 97 ఫోటోలు, ఒక్క పీడీఎఫ్

(హనుమకొండలో స్థానిక చరిత్ర సేకరిస్తున్న మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ములుగు వైపు ఒక ఊళ్లో రిటైరైన మాస్టారు ఒకాయన చుట్టుపక్కల గొలుసుకట్టు చెరువుల గురించి రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కు ఒకటి ఉంది. 192 పేజీలు. ఏ చెరువు మత్తడి ఎటు దుంకుతుంది, తూములు ఎన్ని, శిఖం భూమి ఎంత, నీరటి ఎవరు, అన్నీ చేతిరాతే. మధ్యమధ్య పేపర్ కటింగులు అతికించి ఉన్నాయి. ఆ పుస్తకం ఇల్లు దాటి బయటికి రాదు. మనం వెళ్లి ఫోన్‌తో ఫోటోలు తీసుకోవాలి. ఆ ఫోటోలను వంకర లేని పేజీలతో, వాట్సాప్‌లో పంపగలిగేంత చిన్నదిగా, వెతికితే మాట దొరికేలా ఒకే పీడీఎఫ్‌గా ఎలా చేయాలో ఈ ఒక్క పుస్తకం పట్టుకొని చెబుతాను.

ముందు ఫోటోల లెక్క. 192 పేజీలను రెండేసి చొప్పున తీస్తే 96 ఫోటోలు అనుకుంటాం. కానీ మొదటి పేజీ కుడివైపు ఒంటరిగా ఉంటుంది, చివరి పేజీ ఎడమవైపు ఒంటరిగా ఉంటుంది. అంటే 97 రావాలి. ఈ అంకె ఇంటికొచ్చాక చూసుకునేది కాదు, అక్కడ కూర్చున్నప్పుడే ఫోన్‌లో లెక్కపెట్టుకోవాలి. రెండు పేజీలు కలిసి తిరిగిపోతే తెలిసేది ఇక్కడే.

రెండేసి పేజీలు తీస్తే అక్షరాలు సరిగ్గా వస్తాయా అంటే, లెక్క వేసి చూద్దాం. లాంగ్ నోట్‌బుక్కు పేజీ సుమారు 27 సెంటీమీటర్ల పొడవు, 17 వెడల్పు. తెరిచి పెడితే 34 వెడల్పు, అంటే పదమూడున్నర అంగుళాలు. 12 మెగాపిక్సెల్ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉంటుంది. చుట్టూ కొంచెం ఖాళీ వదిలినా అంగుళానికి దాదాపు 250 పిక్సెళ్లు దక్కుతాయి. చేతిరాత చదవడానికి అది చాలు. పేపర్ కటింగుకు చాలదు. వార్తాపత్రిక అక్షరం చిన్నది, దాన్ని కంప్యూటర్ చదవాలంటే 300 దాకా కావాలి. అందుకే కటింగులున్న పేజీలను మాత్రం రెండోసారి, ఒక్కో పేజీ ఫ్రేమ్ నిండేలా విడిగా తీయాలి.

వెలుతురు పక్క కిటికీ నుంచి రావాలి. ట్యూబులైటు కింద నిలబడి తీస్తే మన తల నీడ పేజీ మీద పడుతుంది. ఫోన్‌ను పుస్తకానికి సమాంతరంగా, కాస్త పైకి పట్టుకొని కొద్దిగా జూమ్ చేయడం మంచిది. దగ్గర నుంచి తీసినకొద్దీ వంకర పెరుగుతుంది. ఇంకొక మాట: ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపుకోవద్దు. అది ఫోటోను సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది, మన 250 కాస్తా 100 దగ్గరికి పడిపోతుంది. కేబుల్‌తో కాపీ చేయండి, లేదంటే డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు వంకర సంగతి. మనం వంకర అని ఒకే మాట అంటాం గానీ ఫోటోలో మూడు రకాలుంటాయి. పేజీ మొత్తం ఒక పక్కకు తిరిగి ఉండటం ఒకటి. ఫోన్ ఏటవాలుగా పట్టుకోవడం వల్ల పేజీ పైన సన్నగా, కింద వెడల్పుగా కనిపించడం రెండోది. కుట్టు దగ్గర కాగితం లోపలికి మడిచినట్టు వంగి, గీతలు విల్లులా రావడం మూడోది. చాలా ప్రోగ్రాముల్లో కనిపించే డీస్క్యూ అనే బటన్ మొదటిదాన్నే సరిచేస్తుంది. మిగతా రెండూ అలాగే ఉంటాయి. నొక్కాం కదా, ఎందుకు సరికాలేదని జనం తలపట్టుకునేది అందుకే.

మూడింటికీ పనికొచ్చేది స్కాన్ టెయిలర్ అడ్వాన్స్‌డ్ అనే ఉచిత ప్రోగ్రామ్. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఫోటోలున్న ఫోల్డరు చూపించగానే Fix DPI అని, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో అడుగుతుంది. ఫోన్ ఫోటోల్లో సాధారణంగా 72 అని రాసి ఉంటుంది, దానికి అర్థం లేదు. మనం లెక్కవేసిన 250 అక్కడ ఇవ్వాలి. ఇక్కడ తప్పు అంకె ఇస్తే తర్వాత పేజీ సైజులు గోడ పోస్టరంత వస్తాయి. తర్వాత Split Pages దగ్గర ఎడమ, కుడి పేజీలను అదే విడదీస్తుంది. ఆ మొదటి, చివరి ఒంటరి పేజీలను మాత్రం మనమే ఒంటి పేజీలని చెప్పాలి. చెప్పకపోతే పుస్తకం పక్కనున్న చాప కూడా ఒక పేజీ అయిపోతుంది.

చివరి మెట్టు Output లో Dewarping ఉంటుంది. ముందు Auto పెట్టి చూడండి. అచ్చు పుస్తకాలకు అది బాగానే పనిచేస్తుంది, చేతిరాతకు తరచూ తడబడుతుంది. ఎందుకంటే అది వరుసలను వెతుకుతుంది, మన రాత వరుసలేమో ఎక్కుతూ దిగుతూ పోతాయి. అప్పుడు Manual తీసుకొని, పైన ఒక గీతను, కింద ఒక గీతను పేజీ వంపు మీదుగా లాగాలి. ఇక్కడ రూళ్ల నోట్‌బుక్కు మనకు చేసే మేలు ఒకటుంది. పైనున్న రూలు గీత మీద ఒకటి, అడుగున ఉన్న రూలు గీత మీద ఒకటి పెడితే సరిపోతుంది. సరైందా లేదా అని చూడటానికి కూడా రాతను చూడకండి, రూళ్లను చూడండి. నడుమ ఉన్న రూలు కుట్టు దాకా తిన్నగా పోతే పేజీ తిన్నగా ఉన్నట్టే. ఈ ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే ఓపిక పట్టాల్సిన పని ఇదే.

అదే మెట్టులో పేజీ నలుపు తెలుపా, రంగులా అని ఎంచుకోవాలి. ఫైలు సైజు తేలేది ఇక్కడే. ఒక్కో ఫోటో మూడు నాలుగు ఎంబీ అనుకుంటే మొత్తం 350 ఎంబీ అవుతుంది. ఫోటో ఆ కాగితం పసుపును, నీడను, మరకను అన్నిటినీ మోస్తుంది. అదే పేజీని ప్రతి చుక్క నలుపు లేదా తెలుపు అనేలా మార్చి 300 డీపీఐలో పెడితే, చేతిరాత పేజీ సాధారణంగా 100 కేబీ లోపే ఉంటుంది. మొత్తం పుస్తకం పదిహేను ఎంబీ అటూ ఇటూగా వస్తుంది.

కానీ దీనికో ధర ఉంది. పెన్సిల్ రాత, వెలిసిపోయిన నీలి సిరా తెలుపులో కలిసిపోవచ్చు. మన మాస్టారు ఎకరాల లెక్కలు కొన్నిచోట్ల పెన్సిల్‌తో దిద్దారు. అలాంటి పేజీలో Thinner, Thicker మధ్య ఉండే మీటను Thicker వైపు జరపాలి. మరీ జరిపితే వెనక పేజీ సిరా కూడా పైకి తేలుతుంది. అప్పటికీ పెన్సిల్ రాకపోతే ఆ ఒక్క పేజీని బూడిద రంగులోనే ఉంచేయండి. నాలుగు పేజీలు బరువెక్కితే ఏమీ కాదు. అంకెలు పోతే మాత్రం ఈ పనంతా దండగే. అసలు ఫోటోను పక్కన పెట్టుకొని అంకెలున్న చోట్లే పోల్చి చూడండి, పేజీ మొత్తం చదవక్కర్లేదు.

సైజు ఇంకా తగ్గిస్తామనే ప్రోగ్రాములతో అంకెల విషయంలో జాగ్రత్త. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు జిరాక్స్ కంపెనీ స్కానర్లు కొన్ని 6ను 8గా మార్చేస్తున్నాయని బయటపెట్టాడు. కారణం జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. ఒకేలా కనిపించే రెండు గుర్తులకు అది ఒకే బొమ్మను వాడుకుంది. శిఖం భూమి 6 ఎకరాలో 8 ఎకరాలో చెప్పే పుస్తకానికి అది పనికిరాదు. అదే జేబిగ్2లో ఏమీ పోగొట్టని రకం కూడా ఉంది, దానితో భయం లేదు.

స్కాన్ టెయిలర్ out అనే ఫోల్డరులో పేజీకొక టిఫ్ ఫైలు ఇస్తుంది. అవి 192 ఉన్నాయో లేదో చూసి, పేజీ నంబర్లతో పేర్లు మార్చండి. 1, 2, 10 అని పెడితే 10వ పేజీ 2 కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. అందుకే 001, 002 అని మూడంకెలుండాలి. లినక్స్‌లో అయితే ఇది చాలు:

```
i=1
for f in *.tif; do
  mv "$f" "$(printf 'p%03d.tif' $i)"
  i=$((i+1))
done
```

విడిగా తీసిన కటింగు పేజీలను కూడా ఇలాగే వేరే ప్రాజెక్టుగా శుభ్రం చేసి, అదే పేజీ పేరుతో పాతదాని మీద పెట్టేయాలి. ఆ తర్వాత కలపడం ఒక్క లైను:

```
img2pdf p*.tif -o notes.pdf
```

ఇది బొమ్మల నాణ్యత తగ్గించదు, ఉన్నవాటిని ఉన్నట్టే పీడీఎఫ్‌లో పేరుస్తుంది.

ఇక వెతకడం. అక్షరాలు గుర్తుపట్టే ఉచిత ప్రోగ్రామ్ టెసెరాక్ట్ అచ్చు తెలుగును చదువుతుంది, చేతిరాత తెలుగును చదవదు. చదవలేనని చెప్పి ఊరుకున్నా బాగుండేది. చేతిరాత పేజీ ఇస్తే ఏవేవో అక్షరాలు ఏరి, పేజీ వెనక కనిపించని పొరగా పెట్టేస్తుంది. పీడీఎఫ్ చూడటానికి బాగానే ఉంటుంది, వెతికితే మాత్రం చెత్త తగులుతుంది. అందుకని కటింగులున్న పేజీలకే ఆ పని అప్పజెప్పాలి. 14, 37, 38, 120 పేజీల్లో కటింగులున్నాయనుకుందాం. టెసెరాక్ట్‌ను పీడీఎఫ్ మీద నడిపించే ocrmypdf అనే ప్రోగ్రామ్‌కు ఇలా చెప్పాలి:

```
ocrmypdf -l tel+eng --pages 14,37,38,120 \
  --output-type pdf --sidecar t.txt \
  notes.pdf notes2.pdf
```

ఎలా చదివిందో t.txt తెరిచి చూడండి. అందులో ఊళ్ల పేర్లు సగానికి పైగా తప్పొచ్చాయంటే ఫోటో మసకగా ఉందని అర్థం. ఆ కటింగును మళ్లీ తీయాల్సిందే.

మరి మిగతా 188 పేజీల చేతిరాత? దానికి నేను నమ్మేది పాత పద్ధతే, సూచిక. లిబ్రే ఆఫీసులో పేజీ నంబరు, పక్కన ఆ పేజీలో ఉన్న చెరువు పేరు, ఊరు, ముఖ్యమైన మాటలు టైపు చేయండి. "46: పాకాల, మత్తడి, తూములు, నీరటి" అన్నట్టు. మొత్తం పుస్తకం టైపు చేయడం కాదిది, ఒకటి రెండు సాయంత్రాల పని. వెతికేవాళ్లు వేరే ప్రాంతాల నుంచి కూడా ఉండొచ్చు కాబట్టి మత్తడి పక్కన అలుగు కూడా రాయండి. ఆ సూచికను పీడీఎఫ్ చేసి నోట్‌బుక్కు వెనక చేర్చాలి. నాలుగు పేజీల సూచికను ముందు చేరిస్తే 46వ పేజీ పీడీఎఫ్‌లో 50 అయిపోతుంది. వెనక ఉంటే పుస్తకం నంబరు, పీడీఎఫ్ నంబరు ఒకటే.

```
qpdf --empty --pages notes2.pdf index.pdf -- final.pdf
```

సూచికను డీటీపీ సెంటరులో టైపు చేయిస్తే మాత్రం యూనికోడ్‌లో చేయమని గట్టిగా చెప్పండి. పాత అను ఫాంట్లలో చేసింది తెరమీద చక్కటి తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిషు గుర్తులు. ఎంత వెతికినా ఒక్క మాట దొరకదు. యూనికోడ్‌లో చేసినా కొన్నిసార్లు పీడీఎఫ్‌లోకి మారేటప్పుడు ఒత్తులున్న మాటలు చెదురుతాయి. అందుకే ఫైలు పంచేముందు ఒత్తున్న మాట ఒకటి, మత్తడి అనే కొట్టి చూడండి, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ. మాట చివర మారుతుంది కాబట్టి వెతికేవాళ్లకు "గ్రామం" బదులు "గ్రామ" అని కొట్టమని చెప్పండి, గ్రామాలు, గ్రామంలో, అన్నీ తగులుతాయి.

ఆ 97 అసలు ఫోటోలను చెరిపేయకండి. నలుపు తెలుపు చేసినప్పుడు ఏ పెన్సిల్ గీత పోయిందో ఆరు నెలల తర్వాత ఎవరో అడుగుతారు.