ఆయనకు షేర్లు, ఆమెకు ఎఫ్‌డీలు: 15 లక్షలకు ఒకే ప్లాను

హోస్ట్: నమస్కారం. ఈ రోజు లెక్క కోసం అనంతపురంలో ఒక జంటను ఊహించుకుందాం. ఆమె గవర్నమెంటు స్కూల్లో టీచరు, నెలకు 62,000 చేతికొస్తుంది. ఆయనకు ఎరువుల అంగడి ఉంది. ఇంటి ఖర్చు నెలకు 55,000. ఆమె పేరు మీద 9 లక్షల ఎఫ్‌డీ, ఆయన పేరు మీద 6 లక్షల షేర్లూ ఈక్విటీ ఫండ్లూ ఉన్నాయి. మొత్తం 15 లక్షల్లో 12 లక్షలు షేర్లలో పెడదామని ఆయన, లక్షన్నర దాటొద్దని ఆమె. అక్కా, మధ్యలో ఏ ఏడు లక్షల దగ్గరో రాజీ పడితే సరిపోదా?

ప్లానర్: సరిపోదు తమ్ముడూ. మార్కెట్ బాగున్నన్నాళ్లు ఆ రాజీ నిలబడినట్టే కనిపిస్తుంది. 2020లో జనవరి నుంచి మార్చి 23 లోపల నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. 2008లో అయితే దాదాపు 60 శాతం. అట్లాంటి నెలలో ఆమె రోజూ ఫోన్లో చూసి "ఉన్నదన్నా మిగుల్చుకుందాం, అమ్మేయండి" అంటుంది. ఇంట్లో గొడవెందుకని ఆయన అమ్మేస్తాడు, అదీ ధర అడుగంటినప్పుడు. ఒక ఇంట్లో తక్కువ నష్టం ఓర్చుకునేవాళ్ల ఓర్పు ఎంతో, ఆ ఇంటి ఓర్పు అంతే.

హోస్ట్: అంటే ఆయన తన కోరిక చంపుకోవాల్సిందేనా?

ప్లానర్: అట్లా కాదు. ముందు ఇంకో మాట చూడాల. రిస్క్ అంటే ఇష్టం వేరు, తట్టుకునే శక్తి వేరు. ఈ ఇంట్లో అవి తిరగబడి ఉన్నాయి. ఆయనకు రిస్క్ ఇష్టం, కానీ ఆయన సంపాదనే వాన మీద ఆధారపడింది. వేరుశనగకు ఎరువు అప్పిస్తాడు, పంట అమ్మినాక వసూలు చేసుకుంటాడు. కరువొస్తే అమ్మకం తగ్గుతుంది, పాత బాకీలూ ఆగిపోతాయి. అదే ఏడాది మార్కెట్ కూడా పడితే రెండు దెబ్బలూ ఒకేసారి. ఆమెకేమో భయం ఎక్కువ, కానీ జీతం ఒకటో తేదీకి వస్తుంది. ఈ సంగతి ఇద్దరూ కాగితం మీద చూస్తే సగం వాదం అక్కడే చల్లబడుతుంది.

హోస్ట్: మరి అంగడి సంపాదన నెలకో రకంగా ఉంటే ఇంటి లెక్కలోకి ఎట్లా తేవాలి?

ప్లానర్: అంగడి కరెంట్ అకౌంటును ఇంటి డబ్బుతో కలపొద్దు. ఆయన తనకు తానే జీతం ఇచ్చుకోవాల. గడిచిన మూడేళ్లలో బాగా తగ్గిన ఏడాదిని పట్టుకుని, ఆ ఏడాది కూడా ఇవ్వగలిగిన మొత్తం పెట్టుకోవాల. 35,000 అనుకుందాం. ప్రతి నెలా అది ఇంటి జాయింట్ అకౌంటుకు పోతుంది. మంచి సీజన్లో మిగిలింది అంగడిలోనే నిలవ ఉంటుంది. సగటు పట్టుకుంటే చెడ్డ ఏడాది అంగడి నుంచి అప్పు తెచ్చి ఇంట్లో ఇవ్వాల్సొస్తుంది.

హోస్ట్: సరే, ఇప్పుడు 15 లక్షల దగ్గరికొద్దాం.

ప్లానర్: షేర్లు ఎంత శాతమని మొదలు పెట్టొద్దు. ఏ డబ్బు ఎప్పుడు కావాలో ముందు విడదీయాల. ఆరు నెలల ఇంటి ఖర్చు 3 లక్షల 30 వేలు. బాకీలు వసూలు కాని ఏడాదికి అంగడి కోసం 2 లక్షలు. పాప బీటెక్‌కు మూడేళ్లలో 5 లక్షలు. మొత్తం 10 లక్షల 30 వేలు. ఇది షేర్లలోకి పోనే పోదు, ఎంత ఇష్టమున్నా సరే. మిగిలింది 4 లక్షల 70 వేలు. పదిహేనేళ్ల దాకా ముట్టని డబ్బు అదే. ఇద్దరి మధ్య మాట్లాడాల్సింది ఈ ముక్క గురించే.

హోస్ట్: అక్కడ మళ్లీ ఆయనొక మాట, ఆమె ఒక మాట అనరా?

ప్లానర్: అంటారు. అందుకే శాతాల్లో అడగొద్దు, రూపాయల్లో అడగాల. ఇద్దరినీ విడివిడిగా, ఒకరిది ఒకరికి కనపడకుండా రాయమనాల: "ఎన్ని లక్షలు తగ్గినట్టు కనిపించినా అమ్మమని అడగను?" ఆమె 2 లక్షలని రాసింది, ఆయన 6 లక్షలని రాశాడనుకో. చిన్న అంకె తీసుకో. షేర్లు సగానికి పడతాయని లెక్కేస్తే, 2 లక్షల నష్టానికి 4 లక్షల షేర్లు ఉండొచ్చు. అంటే 4 లక్షలు నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండులో, 70 వేలు పీపీఎఫ్‌లో.

హోస్ట్: అంటే ఆ ముక్కలో 85 శాతం షేర్లే! ఆమె లక్షన్నర దగ్గర ఆగిన మనిషి కదా.

ప్లానర్: ఎందుకంటే ఆమె భయం షేర్ల మీద కాదు, పాప ఫీజు మీద. అది పక్కన భద్రంగా ఉందని కళ్ల ముందు కనిపిస్తే మనసు మారుతుంది. అట్లే ఆయనకూ 15 లక్షల్లో 4 లక్షలే షేర్లలో ఉండటం ఎందుకో అర్థమవుతుంది.

హోస్ట్: ఇప్పుడున్న 6 లక్షల్లో 2 లక్షలవి అమ్మాలి కదా. పన్ను పడుతుందా?

ప్లానర్: ఏడాది దాటినవి అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల లాభం దాకా పన్ను లేదు. ఆ పైన 12.5 శాతం. 2 లక్షలు అమ్మితే పన్ను చూసేది లాభం మీదే, మొత్తం మీద కాదు. ఇంకొకటి, ఆమె 9 లక్షల ఎఫ్‌డీ ఒకే బ్యాంకులో ఉంటే, డిపాజిట్ బీమా వడ్డీతో కలిపి 5 లక్షలకే. దాన్ని రెండు బ్యాంకుల్లోకి విడదీయడం మంచిది.

హోస్ట్: నెలనెలా మిగిలేది?

ప్లానర్: 62, 35 కలిపి 97 వేలు. ఖర్చు పోను 42 వేలు. 15 వేలు ఇండెక్స్ ఫండు సిప్, 12 వేలు పీపీఎఫ్, 7 వేలు ఇంటి కోసం ఆర్డీ. మిగిలిన 8 వేలు చెరి నాలుగు వేలు. ఆయన తనకు నచ్చిన షేరు కొంటాడు, ఆమె బంగారం కొంటుంది, చీటీ వేస్తుంది. దాని మీద ఒకరినొకరు ప్రశ్నించకూడదు. ఈ నాలుగు వేలు లేకపోతే ఆయన జాయింట్ డబ్బులోంచి చెప్పకుండా ట్రేడింగ్‌కు దిగుతాడు. ప్లాను చెడేది ఎక్కువగా ఇట్లాగే.

హోస్ట్: ఎవరి పేరు మీద పెట్టాలి?

ప్లానర్: పన్ను తగ్గుతుందని ఆమె జీతం ఆయన పేరు మీదికి మార్చి పెడితే, ఆ పెట్టుబడి ఆదాయం మళ్లీ ఆమె ఆదాయంలోనే కలుస్తుంది. భార్యాభర్తల మధ్య బహుమతికి పన్ను లేదు కానీ, దాని మీద వచ్చే ఆదాయం ఇచ్చినవాళ్లదే. కాబట్టి ఎవరి సంపాదన వాళ్ల పేరు మీద పెట్టడం తేలిక. పీపీఎఫ్ ఎటూ జాయింట్‌గా తెరవనివ్వరు. ఫండులో ఇద్దరి పేరు మీద ఖాతా, అంటే జాయింట్ ఫోలియో తెరిస్తే "జాయింట్" అనీ, "ఐదర్ ఆర్ సర్వైవర్" అనీ రెండు రకాలుంటాయి. రెండోదాంట్లో ఎవరో ఒకరు అమ్మొచ్చు, మొదటిదాంట్లో అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాల. కంగారు అమ్మకాలకు అదొక గొళ్లెం. అయితే ఒకరు పోతే రెండోవాళ్లు కాగితాలతో పేరు మార్పించుకునే దాకా డబ్బు తీయలేరు. అందుకే అత్యవసర డబ్బు మాత్రం రెండో రకంలో పెట్టాల.

హోస్ట్: ఈ 2 లక్షల గీత ఎప్పటికీ అంతేనా?

ప్లానర్: ఏడాదికే దాటిపోతుంది చూడు. నెలకు 15 వేలంటే ఏడాదికి లక్షా 80 వేలు. మార్కెట్ కదలకపోయినా షేర్లు 5 లక్షల 80 వేలవుతాయి, సగానికి పడితే నష్టం 2 లక్షల 90 వేలు. అందుకే ప్రతి ఏప్రిల్‌లో ఎంత నష్టం ఓర్చుకుంటారో ఇద్దరిచేతా మళ్లీ రాయించాల. ఆమె 3 లక్షలని రాస్తే సిప్ సాగుతుంది. 2 లక్షల దగ్గరే ఆగితే, కొత్తగా పెట్టే 15 వేలు ఆ ఏడాది ఆర్డీలోకి మళ్లుతాయి, పైన ఎక్కువైన షేర్లు లక్షా 25 వేల లాభం లోపల చూసుకుని నెమ్మదిగా తగ్గించుకుంటారు. మార్కెట్ బాగా పెరిగిన ఏడాది ఆయన రాసే అంకె ఎగురుతుంది, పడిన ఏడాది ఆమె రాసేది కుంగుతుంది. కాబట్టి పోయిన ఏడాది రాసిన కాగితం పక్కన పెట్టుకుని రాయమను.